మీటరు 22,600 చూపిస్తోంది, బండి నడిచింది మాత్రం ఎక్కువ: ప్రకటనలో ఏం రాయాలి?

*2017 జూన్‌లో కొత్తగా కొన్న నా యాక్టివా అమ్ముదామనుకుంటున్నాను. అప్పు 2019లోనే తీరింది. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఇంట్లో ఉంది కానీ ఆర్‌సీలో వాళ్ల పేరు అలాగే ఉండిపోయింది. 2022, 2023లో మా తమ్ముడు బండిని హైదరాబాద్‌లో వాడాడు. అక్కడ ఒకసారి పడ్డాడు, ముందు ఫోర్కు బాగుచేయించాడు. మీటరు కేబుల్ తెగి కొన్ని నెలలు మీటరు తిరగలేదు. ఇప్పుడు 22,600 చూపిస్తోంది. సర్వీసు బిల్లులు కొన్నే ఉన్నాయి, ఇన్సూరెన్స్ గడువు దాటింది. మా బావగారు “సింగిల్ ఓనర్, 22 వేల కిలోమీటర్లు, షోరూమ్ కండిషన్ అని పెట్టు, అన్నీ రాస్తే ఎవరూ రారు” అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అలాగని బండి అమ్ముడుపోకుండా ఉండిపోవడమూ ఇష్టం లేదు. ఎలా రాయాలి?*
*ఒక పాఠకురాలు, విజయవాడ*

మీ బావగారు చెప్పిన మూడు మాటల్లో మొదటిది నిజం. దాన్ని ధైర్యంగా పైవరుసలోనే రాయండి. మూడోది ఎవరికీ పనికిరాని మాట. 2017 బండికి “షోరూమ్ కండిషన్” అని రాస్తే చదివేవాళ్లు నమ్మరు, నమ్మి వచ్చినవాళ్లు చూడగానే పెదవి విరుస్తారు. చిక్కంతా రెండో మాటతోనే. మీటరు మీద ఉన్న అంకె నిజమే, దాని అర్థమే అబద్ధం.

ప్రకటన రాయడానికి కూర్చునే ముందు ప్రతి విషయం పక్కనా ఒక మాట రాసుకోండి: ఇది కాగితం మీద ఉందా, నేను స్వయంగా చూశానా, తమ్ముడు చెప్పగా విన్నానా, లేక నాకు తెలియదా? కొనేవాడికి కావలసింది ఈ తేడాయే. “బండి బాగుంది” అంటే అతనికి ఏమీ తెలియదు. “ఫోర్కు సంగతి తమ్ముడు చెప్పింది, బిల్లు లేదు” అంటే ఏది పరీక్షించుకోవాలో తెలుస్తుంది.

ముందు ఆర్‌సీ సంగతి తేల్చండి, ప్రకటన ఆ తరువాత. అప్పు తీరడం ఒకటి, ఆర్‌సీలోంచి ఫైనాన్స్ ఎంట్రీ పోవడం ఇంకొకటి. కంపెనీ పత్రం ఇచ్చినంత మాత్రాన రవాణా శాఖ రికార్డు దానంతటదే మారదు. నిరభ్యంతర పత్రంతో పాటు, ఎంట్రీ తీసేయమని కోరే ఫారం 35 మీద కంపెనీ సంతకం, ముద్ర ఉండాలి. వాటితో మీరే దరఖాస్తు చేసుకోవాలి. మీ దగ్గరున్నది 2019 నాటి పత్రం. ఇలాంటి పత్రాలకు సాధారణంగా కొన్ని నెలల గడువే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని నేరుగా ఆఫీసుకు వెళ్తే తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. అప్పు ఖాతా నంబరుతో కంపెనీ శాఖకు వెళ్లి కొత్తది అడగండి. మీ అప్పు ముగిసినట్టు వాళ్ల రికార్డులో ఉంటుంది కనుక ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు, ఆలస్యం మాత్రం ఉండవచ్చు.

“అప్పు తీరిపోయింది కదా, కొన్నవాళ్లే చేయించుకుంటారు” అనుకోవద్దు. ఈ రోజుల్లో కొనేవాళ్లు ఇంటికి రాకముందే ప్రభుత్వ రవాణా యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి చూస్తున్నారు. యజమాని వరుస సంఖ్య, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ వివరం అక్కడ కనిపిస్తాయి. ప్రకటనలో “అప్పు లేదు” అని మీరు రాసి, ఫోనులో ఫైనాన్స్ కంపెనీ పేరు కనిపిస్తే, మీరు చెప్పింది నిజమే అయినా అబద్ధంలాగే ఉంటుంది. ఎంట్రీ తీసేయించడానికి వ్యవధి లేదంటే ఉన్నది ఉన్నట్టు రాయండి: అప్పు తీరింది, ఎంట్రీ ఇంకా ఉంది, తీయించే ఖర్చు నాదే, అది పోయాకే పూర్తి డబ్బు తీసుకుంటాను. ఈ చివరి ముక్క లేకపోతే మొదటి రెండింటినీ ఎవరూ నమ్మరు.

ఇన్సూరెన్స్ కనీసం థర్డ్ పార్టీ అయినా ఇప్పుడే కట్టేయండి. కొనేవాడు నడిపి చూస్తానంటాడు, కాదనలేరు. ఆ పది నిమిషాల్లో అతను ఎవరినైనా గుద్దితే, పాలసీ లేని బండికి యజమానిగా మీ పేరే ముందుకు వస్తుంది. మీ గడువు ఎప్పుడు దాటిందో నాకు తెలియదు కానీ, దాటాక మళ్లీ కట్టిన తేదీని ప్రకటనలో దాచకండి. పాలసీ కాగితం మీద అది ఎలాగూ ఉంటుంది. చలానాలు కూడా చూసుకోండి. మీ బండి నంబరు ఆంధ్రప్రదేశ్‌దే అయినా తమ్ముడు తిరిగింది హైదరాబాద్‌లో. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్లు రెండింట్లోనూ వెతకాలి. హెల్మెట్ లేదనో, సిగ్నల్ దాటాడనో పడ్డవి మీకు తెలియకుండానే పేరుకుని ఉండవచ్చు. ఉంటే కట్టేసి, “ఈ తేదీకి బాకీ లేదు” అని తేదీతో సహా రాయండి.

ఇక మీటరు. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

మీటరు కేబుల్ తెగడం నేరం కాదు, స్కూటర్లలో మామూలే. తెగినన్ని రోజులూ బండి నడుస్తుంది, అంకె మాత్రం కదలదు. కొత్త కేబుల్ వేశాక ఆగినచోటి నుంచే మళ్లీ లెక్క మొదలవుతుంది. మధ్యలో నడిచిన కిలోమీటర్లు ఎక్కడా ఉండవు. వాటిని మీరే లెక్కగట్టి రాయాలి, అది పెద్ద కష్టమేమీ కాదు.

మీ దగ్గరున్న ఆ కొద్ది బిల్లులనూ తేదీల వారీగా పేర్చండి. నెలల తేడాతో రెండు బిల్లుల మీద ఒకే రీడింగు కనిపిస్తే, ఉదాహరణకు రెండింటి మీదా 17,850 అని ఉంటే, మీటరు ఆగిన కాలం అదే. బిల్లు చేతికొచ్చిన తెలివైన కొనుగోలుదారు మొదట పట్టుకునేది కూడా ఇదే. కాగితాలు పోయిన చోట తమ్ముడి ఫోనులో యూపీఐ చెల్లింపుల చరిత్ర చూడమనండి. మెకానిక్‌కు ఏ రోజు ఎంత పంపాడో దొరుకుతుంది. ఏ పని చేశారో అందులో ఉండదు, తేదీ మాత్రం ఉంటుంది. కంపెనీ సర్వీసు కేంద్రంలో చేయించినవైతే బండి నంబరు మీద వాళ్ల కంప్యూటర్‌లో రీడింగుతో సహా నమోదై ఉంటాయి. వెళ్లి అడిగి చూడండి.

ఇప్పుడు లెక్క. కేబుల్ దాదాపు పది నెలలు తెగి ఉందని తేలిందనుకుందాం. తమ్ముడి గది నుంచి ఆఫీసుకు తొమ్మిది కిలోమీటర్లు అనుకుంటే రానూపోనూ 18. నెలకు 22 పనిదినాలంటే 396, అంటే సుమారు 400. పది నెలలకు 4,000. ఆదివారాల తిరుగుడు కొంత కలిపితే 4,000 నుంచి 4,500 మధ్య. మీటరు మీది 22,600కు ఇది కలిపితే బండి నడిచింది 26,600 నుంచి 27,100 వరకు. మీరు “సుమారు 27 వేలు” అని రాయాలి, ఆ అంకె ఎలా వచ్చిందో ఒక వాక్యంలో చెప్పాలి. మీ అసలు దూరం, అసలు నెలలు వేసి మళ్లీ లెక్కగట్టుకోండి. సందేహం ఉన్నచోట ఎక్కువ వైపే మొగ్గండి.

నాలుగు వేల కిలోమీటర్లకు ఇంత రాద్ధాంతం ఎందుకని మీ బావగారు అడగవచ్చు. గేర్లు లేని స్కూటర్‌లో ఇంజను శక్తిని వెనక చక్రానికి చేర్చేది ఎడమవైపు కవరు లోపలుండే రబ్బరు బెల్టు. ఇలాంటి 110 సీసీ బండ్లలో దాన్ని 24 వేల కిలోమీటర్ల ప్రాంతంలో మార్చమంటారు. 22,600 చదివినవాడు బెల్టుకు ఇంకా ఆయుష్షు ఉందనుకుంటాడు. 27 వేలు తెలిసినవాడు వెంటనే మార్పిస్తాడు. బెల్టు ముందుగా కబురు చేసి తెగదు. ఏ వంతెన మీదో తెగితే ఇంజను గర్జిస్తుంది, బండి మాత్రం కదలదు. ఆ పూట బండి తోసుకుంటూ అతను తలచుకునేది మిమ్మల్నే.

కాబట్టి అమ్మే ముందు ఒక్క మరమ్మతే చేయించమంటాను. మెకానిక్ చేత ఆ కవరు తీయించి బెల్టు, దాంతో పాటు లోపలి రోలర్లు చూపించండి. బెల్టు పళ్ల మధ్య పగుళ్లు కనిపించినా, అంచులు నలిగి వెడల్పు తగ్గినా మార్చేయండి. పాత బెల్టు పారేయకండి. బిల్లుతో పాటు అదీ చూపిస్తే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మిగతా సోకులు అక్కర్లేదు. కొత్త సీటు కవరు, ఇంజనుకు నీళ్ల కడుగుడు, గీతల మీద హడావిడి రంగు ఇవన్నీ అనుమానాన్నే పెంచుతాయి. ఇంజను మీద ఆయిలు చెమ్మ ఎక్కడుందో చూద్దామని వచ్చినవాడికి తళతళలాడే ఇంజను కనిపిస్తే, నిన్ననే కడిగారని ఇట్టే పసిగడతాడు.

పడిన సంగతి దగ్గర “చిన్న యాక్సిడెంట్” అని రాసి వదిలేయవద్దు. చిన్నదో పెద్దదో తేల్చుకోవలసింది కొనేవాడు. తమ్ముడికి ఫోను చేసి ఒక్కటే ప్రశ్న అడగండి: ఫోర్కు కొత్తది వేశారా, పాతదాన్నే లేతు మీద సరిచేశారా? కొత్తదైతే సగం భయం పోతుంది. సరిచేసిందైతే బండి ఇన్నాళ్లు బాగానే నడిచినా ఆ మాట చెప్పి తీరాలి. తమ్ముడికి గుర్తులేదంటే “తెలియదు” అని రాయండి. ఆ ఒక్క మాటకు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ విలువ ఉంటుంది.

మీరే చూడగలిగినవి రెండున్నాయి. బండిని సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం నేల నుంచి లేచేలా ఒకరు వెనక నొక్కి పట్టుకుంటే, హ్యాండిలు ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పండి. సరిగ్గా నడిమధ్యకు వచ్చినప్పుడు గాడిలో పడ్డట్టు తట్టుకుంటే హ్యాండిలును తిప్పే బేరింగులు, అంటే స్టీరింగు కోన్ సెట్, అరిగినట్టే. పడిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. తరువాత చదునైన రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, హ్యాండిలు ఒకవైపుకే లాగుతోందేమో గమనించండి. మీ యాక్టివాలో పక్క ప్యానెళ్లు రేకువి. పడినప్పుడు సొట్ట పోయి, పుట్టీ పూసి రంగు వేయించారేమో కూడా అడగండి. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం సరిగా అంటుకోదు, ఈ చిట్కా తెలిసిన కొనుగోలుదార్లు చాలామందే ఉన్నారు.

ఫోటోలు పగటి వెలుతురులో తీయండి. నాలుగు వైపులా ఒక్కొక్కటి, మీటరు, రెండు టైర్లు. గీతలు, సొట్టలు ఉన్నచోట దగ్గర నుంచి తీసినవి విడిగా పెట్టండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3422 అంటే 2022లో 34వ వారంలో తయారైందని. అదీ స్పష్టంగా కనిపించేలా తీయండి, “కొత్త టైర్లు” అనే మాటతో పనే ఉండదు. ఆర్‌సీ ఫోటో మాత్రం ప్రకటనలో పెట్టకండి. చిరునామా, ఛాసిస్ నంబరు ఊరందరి చేతుల్లోకి వెళ్లకూడదు. ఇంటికి వచ్చినవాళ్లకు అసలు కాగితం చూపించండి.

ఇక మీ ప్రకటన ఇలా ఉండవచ్చు. ఉత్తరంలో లేని వివరాలు నేను ఊహించి వేశాను, మీరు సరిచూసుకుని మార్చుకోండి.

> హోండా యాక్టివా, 2017 జూన్, బూడిద రంగు. ఏపీ 16 రిజిస్ట్రేషన్, విజయవాడలో ఉంది. కొత్తగా కొన్నది నేనే, నేటికీ నా పేరు మీదే ఉంది. ఆర్‌సీ 2032 జూన్ వరకు చెల్లుతుంది. అప్పు 2019లో తీరింది, ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ ఈ నెలలో తీసేయించాను. ఇన్సూరెన్స్ కొంతకాలం లేదు, ఈ నెలలో థర్డ్ పార్టీ మాత్రమే కట్టాను. కాలుష్య పరీక్ష సర్టిఫికెట్ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఈ వారం వరకు చలానాల బాకీ లేదు.
>
> మీటరు 22,600 చూపిస్తోంది. 2022లో కేబుల్ తెగి సుమారు పది నెలలు మీటరు తిరగలేదు. ఆ రోజుల ప్రయాణం లెక్కగట్టి కలిపితే బండి నడిచింది సుమారు 27 వేల కిలోమీటర్లు.
>
> 2021 వరకు కంపెనీ సర్వీసు కేంద్రంలోనే సర్వీసు చేయించాను, ఆ బిల్లులు ఉన్నాయి. 2022, 2023లో మా తమ్ముడు హైదరాబాద్‌లో వాడాడు, బయటి మెకానిక్ దగ్గర ఆయిలు మార్పించాడు. వాటిలో రెండింటికే బిల్లులున్నాయి, మిగతావాటికి చెల్లింపు తేదీలు చూపించగలను. బెల్టు, రోలర్లు గత వారం మార్పించాను, బిల్లు, పాత బెల్టు ఉన్నాయి.
>
> 2023లో బండి ఎడమవైపుకు పడింది. ముందు ఫోర్కు సరిచేయించారు, కొత్తది వేయలేదు. దీనికి బిల్లు లేదు. ఇప్పుడు హ్యాండిలు పక్కకు లాగడం లేదు, మీ మెకానిక్‌ను తెచ్చి చూపించుకోవచ్చు. ఎడమ ప్యానెల్ మీద అరచేయంత మేర పుట్టీ వేసి రంగు వేశారు, ఫోటో పెట్టాను. వెనక టైరు ఇంకొన్ని నెలల్లో మార్చాలి. బ్యాటరీ వయసు తెలియదు, సెల్ఫ్ స్టార్టు పనిచేస్తోంది.
>
> ఉదయం వచ్చి చల్లటి ఇంజను మీద స్టార్టు చేసి చూడవచ్చు. నడిపి చూడాలంటే లైసెన్సు తేవాలి. పేరు మార్పు దరఖాస్తు డబ్బు తీసుకున్న రోజే ఇద్దరం కలిసి చేయాలి. తెలంగాణలో రిజిస్టరు చేయించుకునేవారికి ఇక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం నేనే తెచ్చిస్తాను, అక్కడి పన్ను కొన్నవారిది.

చల్లటి ఇంజను అన్న మాట ఊరికే రాయలేదు. అమ్మేవాళ్లు చాలామంది కొనేవాడు వచ్చే అరగంట ముందే బండి స్టార్టు చేసి వేడెక్కిస్తారు. చలి ఉదయాన మొదటి నిమిషంలో వచ్చి పోయే తెల్లటి ఆవిరి ప్రమాదం కాదు. వేడెక్కాక కూడా నీలిరంగు పొగ వస్తూంటే ఇంజను ఆయిలు మండుతోందన్నమాట, అది పెద్ద ఖర్చు. మీ బండి వేడెక్కాక పొగ వదులుతోందేమో ముందు మీరే చూడండి. వస్తోంటే ప్రకటనలో మొదటి పేరాలోకి అదే ఎక్కాలి.

“అన్నీ రాస్తే ఎవరూ రారు” అన్నదాంట్లో కొంత నిజముంది. ఫోన్లు తగ్గుతాయి. తగ్గేవి ఎక్కువగా “చివరి ధర ఎంత” అని మాత్రమే అడిగేవాళ్ల ఫోన్లు. ధర విషయంలో నా సలహా ఇది: మీ ఊళ్లో అదే ఏడాది బండ్లకు అడుగుతున్న ధరలు చూసి, వెనక టైరు, ఫోర్కు మరమ్మతు వల్ల తగ్గేదెంతో మీ మెకానిక్ నోటితోనే అంచనా వేయించి, ఆ మేరకు ముందే తగ్గించి పెట్టండి. “ఈ రెండింటికీ తగ్గించేశాను” అని ధర పక్కనే రాయండి. దాచిన లోపం మీ గుమ్మంలో బయటపడితే కొనేవాడు ఆ లోపానికే కాదు, ఇంకా ఏం దాచారో అన్న అనుమానానికి కూడా ధర తగ్గిస్తాడు.

చివరగా పేరు మార్పు. మధ్యవర్తి ఎవరో వచ్చి “ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయండి, తేదీ, పేరు తరువాత నింపుకుంటాం” అంటే బండిని ఇంట్లోనే ఉంచుకోండి. అలా ఇచ్చిన బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో యజమాని మీరే. బండి అమ్మేశామని చెప్పినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుందో వారే ప్రమాద పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు ప్రతులు, పేరు మార్పు కోరే ఫారం 30 మీద కొనేవారి పూర్తి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం పెట్టండి. అదే రాష్ట్రంలోనైతే అమ్మినట్టు మీరు 14 రోజుల్లోగా తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరుకు మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ పాలసీని తమ పేరుకు మార్చమని వారు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసి, మీటరు రీడింగు, మీరు ప్రకటనలో చెప్పిన లోపాలు అందులోనే చేర్చి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. ఆ తరువాత వారం వారం మీ బండి నంబరు ఎంపరివాహన్‌లో కొట్టి చూస్తూ ఉండండి. యజమాని వరుస సంఖ్య రెండుగా మారిన రోజున ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేయవచ్చు.